ఒత్తులు చెదిరితే మార్చవలసింది ఫాంటునా, గీసే ఇంజనునా?

గుణింతం

శీర్షికలను బొమ్మల మీద రాసే ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామును పిల్లో లైబ్రరీతో తయారుచేశాను. నా కంప్యూటరులో అంతా సరిగా వస్తోంది. అదే ప్రోగ్రామును, అదే ఫాంటు ఫైలును సర్వరులో పెట్టి నడిపితే "స్త్రీ" అన్న ఒక్క అక్షరం మూడు అక్షరాలుగా విడిపోయి వస్తోంది. ఫాంటు మార్చమని ఒకరు, పిల్లోను వదిలేసి బ్రౌజరులో పేజీ గీయించి దాని చిత్రం తీసుకోమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఏది సరైన దారి?

పాతసీసం

నిస్సందేహంగా ఫాంటుదే లోపం. యూనికోడ్ తెలుగు ఫాంట్లలో సగానికి సగం ఒత్తులను సరిగా నిలబెట్టలేవు. నేను ఏళ్ల తరబడి పోస్టర్లు, కరపత్రాలు చేస్తున్నాను. యూనికోడ్ రాకముందు నాటి ఫాంట్లతో ఒక్క ఒత్తు కూడా చెదరలేదు, ఏ ప్రోగ్రాములో పెట్టినా చెదరదు. ఎందుకంటే ఆ ఫాంట్లలో త ఒత్తు ఒక విడి అచ్చు, క్రావడి మరొక విడి అచ్చు. సీసపు అక్షరాలను పేర్చినట్లు మనం ఏ క్రమంలో పెడితే ఆ క్రమంలోనే నిలబడతాయి. బొమ్మ మీద రాసిన మాటను ఎవరూ వెతకరు, నకలు తీయరు. అటువంటప్పుడు బొమ్మకు యూనికోడ్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కిటికీ

నా మాట సూటిగా చెబుతాను. తెలుగును బొమ్మ మీద రాయడానికి పిల్లో వాడడమే పొరపాటు. ఒక హెచ్‌టీఎంఎల్ పేజీలో వాక్యాన్ని పెట్టి, తెర లేకుండా నడిచే బ్రౌజరుతో దాని చిత్రం తీయండి. ఒత్తులు, పంక్తుల విరుపు, మధ్యలో వచ్చే ఆంగ్ల పదాలు, ఎమోజీలు, అన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. బ్రౌజరు తయారుచేసినవారు ఇన్నేళ్లుగా చేసిన పనిని మనం మళ్లీ చేతితో చేయడం దండగ.

పొల్లు

పాతసీసం గారు చెప్పినదానిలో సగం నిజం ఉంది. దాని దగ్గరకు తరువాత వస్తాను. ముందుగా గుణింతం గారు చెప్పిన లక్షణాన్నే చూద్దాం. ఒకే ఫాంటు ఫైలు ఒక చోట సరిగా, మరొక చోట తప్పుగా గీయబడుతోందంటే లోపం ఫాంటులో ఉండే అవకాశం లేదు. ఫాంటులో ఉన్న నియమాలను చదివేవాడు ఒక చోట ఉన్నాడు, మరొక చోట లేడు. అంతే తేడా.

"స్త్రీ" అన్న మాట ఫైలులో ఆరు సంకేతాలుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. చివరన ఉన్న గుడిదీర్ఘం కంటికి కనిపించేటప్పుడు మొట్టమొదటి అక్షరమైన స మీదికి వెళ్లాలి. మధ్యలోని పొల్లులు రెండూ మాయమై, త, ర లు ఒత్తులుగా మారి కిందికి దిగాలి. ఈ స్థానాల మార్పు ఇంజను చేసే పని. "పొల్లు పక్కన త ఉంటే దాని బదులు త ఒత్తు అచ్చును పెట్టు" అన్న నియమం ఫాంటులో ఉంటుంది, కానీ దాన్ని చదివి అమలుచేయవలసింది మళ్లీ ఇంజనే. పిల్లోలో ఆ ఇంజను లేకపోతే అది ఊరుకోదు, తప్పు అని కూడా చెప్పదు. ఆరు సంకేతాలకు ఆరు అచ్చులను ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్చి వెళ్లిపోతుంది.

నిర్ధారించుకోవడానికి "స్త్రీ" కంటే తేలికైన గుర్తు ఒకటి ఉంది. "కి" అని మాత్రం రాయించి, తలకట్టు పోయిందా లేదా చూడండి. క మీద గుడి వచ్చినప్పుడు తలకట్టు తొలగిపోవాలి. తలకట్టు అలాగే ఉండి, దాని మీదనో పక్కనో గుడి కూడా కూర్చుని ఉంటే ఇంజను అసలు నడవడం లేదని అర్థం. తలకట్టు చక్కగా పోయి, ఎక్కడో ఒకటి రెండు అరుదైన సంయుక్తాక్షరాలు మాత్రమే చెదిరితే అప్పుడు ఫాంటును అనుమానించండి. ఈ పరీక్షకు ల, జ, బ, ట వంటివి పనికిరావు. వాటికి తలకట్టే ఉండదు కనుక అవి రెండు సందర్భాల్లోనూ ఒకేలా కనిపించి మోసం చేస్తాయి.

సర్వరులో ఈ వరుస నడిపి ఏమి వస్తుందో చెప్పండి:

```python
from PIL import features
print(features.check("raqm"))
```

గుణింతం

నా కంప్యూటరులో `True`, సర్వరులో `False` వచ్చింది. మీరు చెప్పిన "కి" పరీక్ష కూడా చేశాను. సర్వరు బొమ్మలో తలకట్టు, గుడి రెండూ ఉన్నాయి. ఇన్ని రోజులుగా ఆ బొమ్మలు చూస్తూ కూడా ఒత్తులనే గమనించాను తప్ప తలకట్టును గమనించలేదు. కానీ రెండు చోట్లా పిల్లో ఒకే వెర్షను, ఒకే ఆజ్ఞతో వేసుకున్నాను. ఒకచోట ఉండి మరొకచోట ఎందుకు లేదు?

పొల్లు

`raqm` అనేది పిల్లోకు, హార్ఫ్‌బజ్ అనే అసలు ఇంజనుకు మధ్య వారధి. పిల్లో 8.2 నుంచి వారు సిద్ధం చేసి ఇచ్చే ప్యాకేజీలలోనే ఆ వారధి, హార్ఫ్‌బజ్ కలిసి వస్తున్నాయి. కానీ ఫ్రిబిడి అనే మూడో లైబ్రరీ అందులో ఉండదు. నడిచే సమయంలో యంత్రంలో దాని కోసం వెతుకుతారు. సాధారణ కంప్యూటరులో ఏదో ఒక ప్రోగ్రాము దాన్ని ముందే తెచ్చి పెట్టి ఉంటుంది. సర్వరులో వాడే బక్కచిక్కిన కంటైనరులో అది ఉండదు. అది కనిపించకపోతే పిల్లో మొత్తం వారధినే పక్కన పెట్టి, అచ్చులు పేర్చే పద్ధతికి దిగిపోతుంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఫ్రిబిడి పని కుడి నుంచి ఎడమకు రాసే అరబ్బీ, హీబ్రూ వంటి లిపుల దిశను తేల్చడం. తెలుగుకు దానితో పనే లేదు. అయినా అది లేకపోతే మన ఒత్తులు ఊడిపోతాయి. డెబియన్ ఆధారిత కంటైనరు అయితే ఇది చాలు:

```
apt-get update && apt-get install -y libfribidi0
```

ఇంకొక మాట. ఇటువంటి లోపం మౌనంగా దాటిపోకుండా ఉండాలంటే, రాసే ప్రతిచోటా భాషను కూడా చెప్పండి:

```python
d.text((40, 200), "స్త్రీ", font=font, fill="black",
       anchor="ls", language="te")
```

ఇంజను ఉన్నప్పుడు ఇది భాషను తెలియజేస్తుంది. ఇంజను లేనప్పుడు, భాషను నిర్దేశించడం కుదరదంటూ పిల్లో `KeyError` ఇచ్చి ఆగిపోతుంది. తప్పు బొమ్మ బయటికి వెళ్లడం కంటే ప్రోగ్రాము ఆగిపోవడమే నయమని నా అభిప్రాయం.

రాశిపోత

చివరి వాక్యానికి నా అనుభవమే సాక్ష్యం. నేను బొమ్మలోని తెలుగును చదివే ప్రోగ్రాముకు శిక్షణ కోసం వేల సంఖ్యలో పదాల బొమ్మలు తయారుచేశాను. ప్రతి బొమ్మకూ జత చేసిన సరైన పాఠం యూనికోడులో ఉంది, అది తప్పు లేనిది. బొమ్మలు మాత్రం ఇంజను లేని పిల్లోతో గీసినవి. శిక్షణలో అంకెలు చాలా బాగా వచ్చాయి, ఎందుకంటే పరీక్షకు పెట్టిన బొమ్మలు కూడా అదే తప్పుతో గీసినవే. నిజమైన అచ్చు పుటను చూపించినప్పుడు మాత్రం విడి అక్షరాలను చక్కగా చదివి, ఒత్తు వచ్చిన ప్రతిచోటా తడబడింది. ప్రపంచంలో ఎక్కడా లేని ఒక తెలుగు లిపిని దానికి ఓపికగా నేర్పించానని అప్పుడు తెలిసింది. మొదటి రోజు పది బొమ్మలు తెరిచి చూసి ఉంటే సరిపోయేది.

పాతసీసం

మీరందరూ నా మాటను దాటవేశారు. ఒక లైబ్రరీ ఉందా లేదా అన్నదానిపై ఒత్తు నిలబడడం ఆధారపడిందని మీరే చెబుతున్నారు. పాత ఫాంటుతో ఆ బెడద ఉండదు కదా. యూనికోడు పాఠాన్ని పాత ఫాంటు సంకేతాలలోకి మార్చే పరికరాలు ఎన్నో ఉన్నాయి. మార్చి గీయండి, ఏ సర్వరులోనైనా ఒకేలా వస్తుంది.

పొల్లు

ఒకేలా వస్తుందన్న మాట నిజమే, కాదనను. బొమ్మలో మాటను ఎవరూ వెతకరన్నది కూడా నిజమే. కనుక పాత ఫాంట్ల మీద సాధారణంగా వచ్చే అభ్యంతరం ఇక్కడ అంత బలంగా నిలవదు. నా అభ్యంతరం వేరు. ఆ మార్చే పరికరం ఏమి చేస్తోందో చూడండి. పొల్లును, దాని తరువాతి హల్లును కలిపి ఒత్తు అచ్చుగా మారుస్తోంది. చివరి గుడిని ముందుకు జరుపుతోంది, తలకట్టును తీసేస్తోంది. అంటే హార్ఫ్‌బజ్ చేసే పనినే ఎవరో ఒకరు ఒక్క ఫాంటు కోసం చేతితో రాసిపెట్టారు. ఆ పట్టికలో లేని కూర్పు వచ్చినప్పుడు అది తప్పుతుంది. తప్పినప్పుడు సరిచేసే నాథుడు ఉండడు. మీరు చేతితో టైపు చేసి కంటితో సరిచూసే పోస్టరుకు ఆ పద్ధతి పనికొస్తుంది. కంటితో చూడని వేల శీర్షికలకు పనికిరాదు.

మీరు చెప్పిన మిగతా సగం గురించి కూడా చెప్పాలి. ఇంజను సరిగా ఉన్నా ఫాంటు లోపం వల్ల చెదిరే సందర్భాలు ఉన్నాయి. "స్పోర్ట్స్" అన్న మాటను తీసుకోండి. చివరి అక్షరంలో ర మీద పొల్లు నిలవాలి, దాని కింద ట ఒత్తు, స ఒత్తు రెండూ ఒకదానినొకటి తొక్కుకోకుండా ఇమడాలి. తెలుగు మాటల్లో ఇటువంటి కూర్పు అరుదు కనుక కొందరు ఫాంటు రూపకర్తలు దీన్ని పట్టించుకోరు. ఆంగ్లం నుంచి వచ్చిన మాటల్లో మాత్రం ఇది నిత్యం కనిపిస్తుంది. లోపం ఎవరిదో తేల్చుకోవడానికి పిల్లోను పక్కన పెట్టి హార్ఫ్‌బజ్ తోనే నేరుగా గీయించి చూడవచ్చు:

```
hb-view --output-file=p.png Mandali-Regular.ttf "స్పోర్ట్స్ లక్ష్మి స్త్రీ"
```

ఇక్కడ కూడా ఒత్తులు ఒకదానిమీద ఒకటి పడితే ఫాంటు మార్చండి. ఇక్కడ బాగుండి మీ బొమ్మలో చెదిరితే ఫాంటును వదిలి మీ ప్రోగ్రామును చూసుకోండి.

గుణింతం

ఆ లైబ్రరీ వేశాను, సర్వరులో కూడా ఇప్పుడు `True` వస్తోంది. "స్త్రీ", "లక్ష్మి" చక్కగా వస్తున్నాయి. ధన్యవాదాలు. కానీ ఒక సమస్య పోయి రెండు వచ్చాయి. మొదటిది, రెండు పంక్తుల శీర్షికలో పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను తాకుతున్నాయి. రెండవది, ఇంతకుముందు సరిగా ఉన్న "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ఇప్పుడు వ అక్షరం ట కిందికి ఒత్తుగా దిగిపోయింది. బాగుచేస్తే చెడడం నాకు అంతుపట్టలేదు.

పొల్లు

రెండవది ఇంతకుముందు సరిగా లేదు. సరిగా ఉన్నట్లు కనిపించింది, అంతే. ఒత్తులే ఏర్పడని చోట వ ఒత్తు కూడా ఏర్పడదు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్ తరువాత, వే కు ముందు కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి. దాని సంకేతం U+200C. పొల్లును పొల్లుగానే ఉంచు, తరువాతి హల్లుతో కలపవద్దు అని అది ఇంజనుకు చెబుతుంది. మీ పాఠంలో ఎక్కడో అది రాలిపోతోంది. పాఠాన్ని శుభ్రపరిచే దశ ఏదైనా ఉందా?

గుణింతం

ఉంది, అదీ సర్వరులో మాత్రమే నడుస్తుంది. ఎక్కడి నుంచో నకలు తెచ్చుకున్న వరుస ఇది:

```python
text = re.sub(r"[\u200b-\u200f\ufeff]", "", text)
```

పొల్లు

దొరికింది. ఆ వ్యవధిలో 200C, 200D రెండూ ఉన్నాయి. ఆంగ్లం మాత్రమే దృష్టిలో పెట్టుకున్నవారికి అవి చెత్త. మనకు అవి వర్ణక్రమంలో భాగం. `[\u200b\u200e\u200f\ufeff]` అని మార్చి ఆ రెండింటినీ ఉండనివ్వండి. ఫేస్‌బుక్, హార్డ్‌వేర్ వంటి మాటలన్నీ వాటంతట అవే కుదురుకుంటాయి.

ఇక పంక్తుల సంగతి. పాఠంలో పంక్తి విరుపు ఉన్నప్పుడు పిల్లో పంక్తుల మధ్య దూరాన్ని లాటిన్ పెద్ద A అక్షరం కొలతను బట్టి లెక్కగడుతుంది, దానికి అదనంగా నాలుగు పిక్సెళ్లు చేరుస్తుంది. A కు కింద ఒత్తు ఉండదు కదా. అందుకే ఆ లెక్కలో మన ఒత్తులకు చోటు లేదు. `spacing` విలువను పెంచి సర్దుకోవచ్చు గానీ, ఫాంటు పరిమాణం మారిన ప్రతిసారీ మళ్లీ సర్దుకోవాలి. నేనైతే ఒక్కొక్క పంక్తిని విడిగా, ఆధారరేఖ నుంచి కొలిచి గీస్తాను:

```python
namuna = "స్పోర్ట్స్ లక్ష్మి స్త్రీ కీర్తి"
l, t, r, b = d.textbbox((0, 0), namuna, font=font,
                        anchor="ls", language="te")
step = b - t + 12
```

`anchor="ls"` అంటే ఎడమ అంచు, ఆధారరేఖ. అప్పుడు `t` రుణసంఖ్యగా వస్తుంది, అది రేఖకు పైన ఉన్న ఎత్తు. `b` రేఖకు కింద ఒత్తులు దిగిన లోతు. ఉదాహరణకు `t` విలువ −60, `b` విలువ 28 అని వస్తే, 12 పిక్సెళ్ల ఎడంతో కలిపి ఒక్కొక్క పంక్తికి 100 పిక్సెళ్లు దిగాలి. మొదటి ఆధారరేఖ 200 దగ్గర ఉంటే రెండవది 300 దగ్గర, మూడవది 400 దగ్గర. లోతైన ఒత్తులు, ఎత్తైన గుడులు ఉన్న నమూనాతో ఒక్కసారి కొలిచి, అదే దూరాన్ని అన్ని పంక్తులకూ వాడండి. ప్రతి పంక్తినీ విడివిడిగా కొలిచి దూరం నిర్ణయిస్తే, ఒత్తులు లేని పంక్తి కింద ఇరుకుగా, ఒత్తులు ఉన్న పంక్తి కింద వెడల్పుగా వచ్చి పంక్తుల నడక తప్పుతుంది.

నిలువుగా మధ్యలో నిలిపేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. సిరా పడిన పెట్టెను కొలిచి దాన్ని బొమ్మ మధ్యలో పెడితే, "స్త్రీ" ఉన్న శీర్షిక కాస్త పైకి, "కమల" ఉన్న శీర్షిక కాస్త కిందికి జరుగుతుంది. ఒక్క బొమ్మలో తెలియదు. బొమ్మలను వరుసగా చూపినప్పుడు అక్షరాలు ఎగిరిపడుతున్నట్లు ఉంటుంది.

కిటికీ

ఇప్పటివరకు జరిగినదాన్ని లెక్కపెట్టండి. ఒక లైబ్రరీ వెతికి వేసుకోవాలి, పంక్తుల దూరాన్ని చేతితో లెక్కగట్టాలి, ఆధారరేఖలను మనమే నిలబెట్టాలి. నేను మొదటే చెప్పాను, బ్రౌజరులో ఇవేవీ ఉండవు. అదీ కాక శీర్షికలో ఒక ఆంగ్ల పదమో, ఎమోజీనో వస్తే ఏమి చేస్తారు? నోటో తెలుగు ఫాంటు ప్రతుల్లో కొన్నింటిలో లాటిన్ అక్షరాలే ఉండవు. పిల్లో ఒక ఫాంటులో లేని అక్షరాన్ని మరొక ఫాంటులో వెతకదు, ఖాళీ పెట్టె గీసి ఊరుకుంటుంది.

పొల్లు

ఆఖరి అభ్యంతరం న్యాయమైనది. పిల్లోకు ఆ వెతుకులాట రాదు. తెలుగు, లాటిన్ రెండూ ఉన్న ఫాంటును ఎంచుకోవడం, లేదా వాక్యాన్ని ముక్కలు చేసి రెండు ఫాంట్లతో గీయడం తప్ప దారి లేదు. రెండవ దారిలో ముక్కల వెడల్పులు కొలిచి జతచేసుకోవాలి, అది చిరాకు పని.

కానీ మీ వాదనలో ఒక అపోహ ఉంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ అక్షరాలను కూర్చడానికి వాడేది హార్ఫ్‌బజ్ నే. `raqm` ఉన్న పిల్లో వాడేదీ అదే. కనుక ఒకే ఫాంటుతో "స్త్రీ" ఆకృతి మూడింటిలోనూ ఒకటే. తేడా దాని చుట్టూ ఉన్న పనిలో ఉంది: పంక్తిని ఎక్కడ విరవాలి, లేని అక్షరాన్ని ఎక్కడ వెతకాలి, పంక్తుల దూరం ఎంత. ఆ పనులు మీకు కావాలంటే బ్రౌజరు మంచిదే. ఒత్తుల కోసమే అయితే అంత బరువు అక్కర లేదు.

బ్రౌజరుకు తన మౌనపు తప్పు ఒకటి ఉంది. మీరు కోరిన ఫాంటు అందకపోతే అది చెప్పదు, యంత్రంలో ఉన్న మరొక తెలుగు ఫాంటుతో గీసేస్తుంది. ఒత్తులన్నీ సరిగానే ఉంటాయి, అక్షరాల తీరు మాత్రం మారుతుంది. వెబ్ ఫాంటు దిగకముందే చిత్రం తీస్తే కూడా ఇదే జరుగుతుంది. `document.fonts.ready` పూర్తయ్యేవరకు ఆగి చిత్రం తీయడం అలవాటు చేసుకోండి. పిల్లో అయితే ఫాంటు ఫైలు కనిపించకపోతే వెంటనే ఆగిపోతుంది.

రెండింటి మధ్య పాంగో అనే దారి కూడా ఉంది. దాని అడుగునా హార్ఫ్‌బజ్ ఉంది. పంక్తులు విరవడం, ఫాంట్లు వెతకడం తెలుసు, బ్రౌజరును మోయనక్కర లేదు:

```
pango-view -q --font="Mandali 48" --text="స్త్రీ" -o p.png
```

వేల బొమ్మలు గీయాలంటే నేను దీనినే ఎంచుకుంటాను.

కిటికీ

పాంగో ఆజ్ఞతో నేపథ్య చిత్రం, నీడ, రంగుల పట్టీ, మూలన గుర్తు, ఇవన్నీ పెట్టి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. బొమ్మ అంటే అక్షరాలు మాత్రమే కాదు. ఇంజను ఒకటేనన్న మాట ఒప్పుకుంటాను, నా సలహా మాత్రం మార్చుకోను.

రాశిపోత

పంక్తి విరవడం గురించి ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే దానితో నేను దెబ్బతిన్నాను. పైథాన్‌లోని `textwrap` సంకేతాలను లెక్కిస్తుంది. "స్పోర్ట్స్" దాని లెక్కలో పది, కంటికి మాత్రం రెండు అక్షరాలు. వెడల్పుకు దానిని నమ్ముకుంటే ఒత్తులున్న పంక్తులు పొట్టిగా విరుగుతాయి. పంక్తికి పట్టని పొడవైన మాట వస్తే అది ఒత్తు మధ్యలోనే కోస్తుంది, తెగిన పొల్లు ఒక పంక్తిలో, దాని హల్లు మరొక పంక్తిలో పడతాయి. ఖాళీల దగ్గర మాత్రమే విరిచి, `textlength` తో మొత్తం పంక్తిని కొలవడం మేలు. అక్షరాలను ఒక్కొక్కటిగా కొలిచి కూడితే కూడా లెక్క తప్పుతుంది. ఒత్తుగా మారిన అక్షరం పంక్తిలో విడి అక్షరమంత చోటు తీసుకోదు.

కిటికీ

ఖాళీల దగ్గర మాత్రమే అంటే ఎలా? తెలుగు మాట సంధులతో, సమాసాలతో సాగిపోయేది. ఇరుకైన బొమ్మలో పెద్ద అక్షరాలతో రాస్తే ఒక్క మాటే పంక్తిని దాటిపోతుంది. అప్పుడు ఎక్కడో ఒకచోట కోయక తప్పదు.

పొల్లు

కోయవలసివస్తే అక్షరానికి, అక్షరానికి మధ్య కోయాలి. "స్త్రీ" మొత్తం ఒక్క అక్షరం. `\X` తో అక్షరాలుగా విడదీసే లైబ్రరీలు ఉన్నాయి గానీ, వాటిని గుడ్డిగా నమ్మకండి. 2023 లో వచ్చిన యూనికోడ్ 15.1 కు ముందటి నియమాల ప్రకారం పొల్లు తరువాత కోయవచ్చు, అందువల్ల పాత లైబ్రరీ "స్త్రీ"ని మూడు ముక్కలు చేస్తుంది. 15.1 లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు ఆ కోతను నిషేధించారు. మీ లైబ్రరీ ఏది పాటిస్తుందో "స్త్రీ" ఇచ్చి చూస్తే ఒక్క క్షణంలో తెలుస్తుంది. కోసినచోట అడ్డగీత పెట్టాలా వద్దా అన్నది వేరే తగవు. తెలుగు అచ్చులో రెండు పద్ధతులూ చూశాను. నేను పెట్టను, అక్షరాల పరిమాణాన్నే కొద్దిగా తగ్గిస్తాను.

వలపలగిలక

చర్చ ఆసక్తిగా ఉంది కనుక నా సందేహం కూడా అడుగుతున్నాను. నేను పాత పుస్తకాల నుంచి పద్యాలు తీసుకుని బొమ్మలుగా చేస్తున్నాను. వాటిలో "ధర్మ" అన్న మాటలో ర కింద మ ఒత్తు ఉండదు, మ తరువాత కుడివైపున వలపలగిలక ఉంటుంది. నాకు అదే రూపం కావాలి. ఫాంటు మార్చినా, బ్రౌజరులో చూసినా ర కింద మ ఒత్తే వస్తోంది. ఇది కూడా ఫ్రిబిడి లేకపోవడం వల్లేనా?

పొల్లు

కాదండి, మీ ఇంజను సరిగానే పనిచేస్తోంది. అడిగే తీరు మార్చాలి. ర, పొల్లు, ఆపైన U+200D, తరువాత మ, ఈ క్రమంలో ఇస్తేనే తెలుగులో హార్ఫ్‌బజ్ వలపలగిలకను కోరుతుంది. ఆ గుర్తు లేకపోతే ఈనాటి వాడుక ప్రకారం ఒత్తు రూపమే ఇస్తుంది. అయితే కోరినంత మాత్రాన రాదు, ఫాంటులో `rphf` అనే నియమం కింద ఆ అచ్చు ఉండాలి. `hb-view` తో మీ దగ్గరున్న ఫాంట్లన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయత్నించండి:

```
hb-view --output-file=p.png --unicodes=0C27,0C30,0C4D,200D,0C2E font.ttf
```

వలపలగిలక

నా దగ్గరున్న నాలుగు ఫాంట్లతో చూశాను. ఒకదానిలో వలపలగిలక వచ్చింది, కానీ అది తరువాతి అక్షరానికి మరీ దగ్గరగా వచ్చి "ధర్మము" అన్నప్పుడు ము ను తాకుతోంది. మిగతా మూడింటిలో ర్ అని పొల్లుతో విడిగా వచ్చి మ పక్కన నిలబడింది. పద్యం మొత్తానికి ఆ ఒక్క ఫాంటునే వాడితే మిగతా అక్షరాల తీరు నాకు నచ్చడం లేదు.

పాతసీసం

నా పాత ఫాంటులో వలపలగిలక ఒక విడి అచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ, ఎంత ఎడంగా కావాలంటే అంత ఎడంగా పెట్టుకోవచ్చు. పద్యానికి నాలుగు పంక్తులే కదా, చేతితో కూర్చండి.

పొల్లు

ఈ ఒక్క పనికి పాతసీసం గారి దారే దగ్గర. యూనికోడ్ ఫాంటులోనే ఉండదలిస్తే, ఆ ఒక్క ఫాంటును ఏదైనా ఫాంటు ఎడిటరులో తెరిచి వలపలగిలక అచ్చు వెడల్పును కొద్దిగా పెంచి, వేరే పేరుతో దాచుకోవచ్చు. దాని లైసెన్సు అందుకు ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి.